మడిచిన మూడు వాక్యాలు

2023 సెప్టెంబరు 20, బుధవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. రేపల్లె శివార్లలోని వెంకట్రామయ్యగారి ఉప్పుడు బియ్యం మిల్లులో, చల్లారి, మూతలు విప్పిన బాయిలర్‌లోకి ఇన్‌స్పెక్టరుగారు టార్చిలైటు పెట్టి తొంగిచూస్తున్నారు. ఆయన వెనక మిల్లు యజమాని వెంకట్రామయ్య, ఆయన వెనక బాయిలర్ ఆపరేటర్ ఫ్రాన్సిస్, అందరికంటే వెనక, ఊకదుమ్ము చీరమీద పడకుండా కొంగు బిగించుకుని ఝాన్సీలక్ష్మి నిలబడి ఉన్నారు. ఇన్‌స్పెక్టరుగారు చెయ్యి లోపలికి పెట్టి ఒక గొట్టాన్ని గోటితో గీశారు. గోటికి ఏమీ అంటలేదు. ఇంకొక గొట్టాన్ని గీశారు. అప్పుడు వెనక్కి తిరిగి, "నీళ్ళు ఎవరు చూస్తున్నారండి?" అన్నారు.

వెంకట్రామయ్య పక్కకు జరిగారు. ఆయన జరగటంతో ఫ్రాన్సిస్ కూడా జరిగాడు. ఝాన్సీలక్ష్మి ఒక్కతే ఎదురుగా మిగిలింది.

"నేనేనండి," అంది.

"బాగా చూస్తున్నారు," అని ఇన్‌స్పెక్టరుగారు రెండవ మూత దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ రెండు మాటలను ఆమె తెనాలి తిరిగి వెళ్ళే పాసింజరు బండిలో వేమూరు దాకా మనసులో తిప్పుకుంటూనే ఉంది. నలభై ఏడేళ్ళ మనిషి, పొగడ్తను వెంటనే నమ్మే అలవాటు లేని మనిషి. ఇది మర్యాదకు అన్నమాటా, పరిశీలించి అన్నమాటా అని తర్కించుకుంది. మర్యాదకైతే గొట్టాన్ని గీసి చూడవలసిన పని లేదు గదా అని చివరికి ఒప్పుకుంది.

ఝాన్సీలక్ష్మి పుట్టింది కొల్లిపర దగ్గర మాగాణి ఉన్న ఇంట్లో. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పదహారేళ్ళు ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పింది. ప్రయోగశాలలో నీళ్ళ కాఠిన్యం కొలిచే పాఠం ఏటా చెప్పేది. గాజు సీసాలో ద్రావణం ద్రాక్షరసం ఎరుపు నుంచి నీలానికి మారే క్షణాన్ని పిల్లలకు చూపించేది. ఒక సంవత్సరం ఒక విద్యార్థిని తన ఊరి మిల్లు బోరునీళ్ళు సీసాలో తెచ్చి, "ఇవి కొలవచ్చా మేడమ్?" అని అడిగింది. కొలిస్తే పుస్తకంలో ఉదాహరణగా ఉండే అంకెకు మూడింతలు వచ్చింది. ఆ నీళ్ళే ఆ మిల్లు బాయిలర్‌లోకి పోతున్నాయని తెలిసిన రోజు ఆమెకు రాత్రి సరిగా నిద్రపట్టలేదు. లోపల గొట్టాల చుట్టూ సున్నం పొర కడుతుంది. పొర మందమైన కొద్దీ వేడి నీటికి అందదు, ఊక ఎక్కువ తగలబడుతుంది, గొట్టం తానే కాగి ఉబ్బి ఒకనాడు చిల్లుపడుతుంది. పదహారేళ్ళుగా తను బోర్డు మీద రాసిన సమీకరణం ఎక్కడో నిజంగా జరుగుతోంది.

2019లో ఉద్యోగం మానేసి, చెంచుపేటలో ఒక మేడమీది రెండు గదులలో 'తెనాలి జల పరీక్షాశాల' పెట్టింది. పేరులో తన పేరు పెట్టమని చాలామంది చెప్పారు. "పరీక్ష నీళ్ళకి గదండీ, నాక్కాదు," అంది.

పద్ధతి సులువైనదే. మిల్లు బోరునీళ్ళు ముందు సాఫ్ట్‌నర్ అనే తొట్టిలోంచి పోతాయి. అందులోని గింజలు సున్నాన్ని పట్టుకుని నీటిని మెత్తపరుస్తాయి. కొన్నాళ్ళకు ఆ గింజలు నిండిపోతాయి, అప్పుడు ఉప్పునీటితో కడిగితే మళ్ళీ పనిచేస్తాయి. ఎప్పుడు కడగాలో తెలియాలంటే రోజూ పరీక్ష చెయ్యాలి. ఝాన్సీలక్ష్మి ఆ పరీక్ష ఆపరేటర్లకు నేర్పుతుంది, నెలకొకసారి తానే వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళి తెనాలిలో కొలిచి, రిపోర్టు ఇస్తుంది. మందులు అమ్మదు. మందులు అమ్మే వాళ్ళ మీద ఆమెకు ద్వేషం లేదు, కానీ కొలిచే చేతితోనే అమ్మకూడదని ఆమె నియమం.

ఆ నియమమే ఇప్పుడు ఇబ్బందిలో ఉంది. నిరుడు ఐదు బాయిలర్లు చూసేది. ఈ ఏడు ఒక మిల్లు మూతపడింది. ఇంకొక మిల్లును విజయవాడ రసాయనాల కంపెనీ ఒకటి, మందులు కొంటే పరీక్ష ఉచితమని చెప్పి పట్టుకుపోయింది. మూడు మిగిలాయి. అదే కంపెనీ వాళ్ళు ఆగస్టులో చెంచుపేట మెట్లెక్కి వచ్చారు. ఆమెను తమ సాంకేతికాధికారిగా తీసుకుంటామన్నారు. ల్యాబు అక్కడే ఉంటుంది, పనీ ఇదే ఉంటుంది, రిపోర్టు మాత్రం కంపెనీ కాగితం మీద వెళ్తుంది, కింద ఏ మందు వాడాలో కంపెనీ రాస్తుంది. దీపావళిలోగా చెప్పమన్నారు.

కాదనటానికి ఆమెకు కోపం చాలదు, బాయిలర్లు కావాలి.

* * *

ఉత్తరం రాయాలన్న ఆలోచన ఆ బండిలోనే వచ్చింది. వెంకట్రామయ్యగారికి కృతజ్ఞత చెప్పటం న్యాయం. ఆయన తను చెప్పినదల్లా చేయించారు. ఆయనకు తెలిసిన మిల్లులు ఇంకా ఉంటాయి. ఆ రెండవ సంగతి కూడా అందులోనే అడగవచ్చు. బిల్లుతో కలిపి పంపితే ధన్యవాదం రసీదులా ఉంటుందని, దాన్ని వేరే కవర్లో పంపాలని నిర్ణయించుకుంది. ఆయన సంతోషం చల్లారకముందే అందాలని మరునాడే కూర్చుంది.

కృతజ్ఞత రాయటానికి పావుగంట పట్టింది. అడగవలసిన వాక్యాల దగ్గర మధ్యాహ్నం దాకా ఆగిపోయింది.

అత్తగారు సుందరమ్మ అన్నానికి పిలవటానికి వచ్చి, బల్లమీద నలిపేసిన కాగితాలు చూసి నిలబడిపోయింది.

"ఏంటే, నీళ్ళు కొలిచేదానివి కాగితాలు నలుపుతున్నావు?"

"ఒకాయనకి ఉత్తరం అత్తయ్యా. ఇంకో రెండు మిల్లులు చూపించమని అడగాలి."

"అడుగు. అందులో ఏముంది? కూరగాయల సుబ్బాయమ్మ రోజూ మనింటికొచ్చి, 'ఆ పక్కింటోళ్ళకి కూడా చెప్పమ్మా' అనట్లా?"

"నేను సుబ్బాయమ్మనా అత్తయ్యా?"

"కాదులే. అది ఎదురుగా నిలబడి నవ్వుతూ అడుగుద్ది. నువ్వు తలొంచుకుని రాస్తన్నావు." సుందరమ్మ వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగింది. "అన్నం చల్లారిపోతంది. ఆయనెవరో తరవాత చల్లారతాడు గానీ."

చివరికి కుదిరిన ఉత్తరం ఇది:

"గౌరవనీయులైన వెంకట్రామయ్యగారికి, నమస్కారములు. నిన్నటి తనిఖీలో మీ బాయిలర్ గొట్టాలపై సున్నం పొర కనిపించలేదు. మూడేళ్ళ కిందట మనం మొదలుపెట్టినప్పుడు ఆ పొర చిన్న నాణెమంత మందాన ఉండేది. ఈ మార్పుకు నా పరీక్షలు కొంతవరకే కారణం. సీజనులో పని ఎంత ఒత్తిడిగా ఉన్నా సాఫ్ట్‌నర్ కడగటానికి మిల్లు ఆపనిచ్చినది మీరు. ఒక్క ఉదయమూ పరీక్ష మానని మనిషి ఫ్రాన్సిస్‌గారు. మీ ఇద్దరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంకొక సంగతి. మీకు తెలిసిన, మీలాంటి మిల్లుల వారెవరికైనా నా గురించి ఒక మాట చెప్పగలరేమో ఆలోచించగలరు. చెప్పగలిగితే నాకు ఎంతో మేలు చేసినవారవుతారు."

సంతకం చేసి, కవరు అంటించి, స్పీడుపోస్టులో పంపింది. తరువాత ఎదురుచూసింది. ఫోను మోగినప్పుడల్లా చేతులు తుడుచుకుని వెళ్ళేది. వెంకట్రామయ్యగారి నుంచి ఏమీ రాలేదు. ఉత్తరం అందిందని కూడా రాలేదు.

* * *

అక్టోబరులో నెలసరి పరీక్షకు రేపల్లె వెళ్ళినప్పుడు ఆమె ఆ ఊసెత్తకూడదని నిశ్చయించుకునే వెళ్ళింది. అడిగింది ఒకసారి; రెండోసారి అడిగితే అది వేరే మాట అవుతుంది. తిన్నగా బాయిలర్ దగ్గరికి పోయి, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించింది. ఫ్రాన్సిస్ మొహం వెలిగిపోతోంది.

"మేడమ్, ఆఫీసు రూములోకి వెళ్ళారా? వెళ్ళండి. నా పేరు గోడెక్కింది."

"ఏ గోడ?"

"మీరు రాసిందేనండి. మా ఇంటావిడని కూడా తీసుకొచ్చి చూపించా. 'ఫ్రాన్సిస్‌గారు' అని ఉందిగా, ఆ 'గారు' దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివించుకుంది. ఇంటికెళ్ళాక మాత్రం 'ఏవయ్యా' అనే అంటంది, అది వేరే సంగతి."

ఆఫీసు గదిలో, వెంకట్రామయ్యగారి కుర్చీ వెనకగోడ మీద, వెంకటేశ్వరస్వామి పటం కింద, బాయిలర్ సర్టిఫికెట్టు పక్కన, కొత్త అద్దాల ఫ్రేములో ఆమె ఉత్తరం ఉంది. బంగారు అంచు. ఫ్రేముకు కుంకుమబొట్టు కూడా పెట్టారు.

పదహారేళ్ళ ఉద్యోగంలో కళాశాల గోడమీద ఎక్కడా ఆమె అక్షరం నిలవలేదు. దగ్గరికి వెళ్ళి చదివింది. చేతిరాత తనదే. 'హృదయపూర్వక కృతజ్ఞతలు' దాకా ఉంది. దాని కింద ఒక మడత గీత ఉంది. 'ఇంకొక సంగతి' లేదు. దాని తరువాతి రెండు వాక్యాలూ లేవు. తన సంతకం మాత్రం కత్తిరించి తెచ్చి అంటించినట్టుగా, ఆ గీత కిందే ఉంది.

"బాగుందామ్మా?" అన్నారు వెంకట్రామయ్య వెనకనుంచి. అరవై అయిదేళ్ళ మనిషి. చేతిలో వడ్ల గింజలు వేసుకుని నలుపుతూ లోపలికి వచ్చారు. "పెద్ద బజారులో కట్టించా. ఇన్‌స్పెక్టరిచ్చిన కాయితం ఏడాదికి మురిగిపోద్ది. ఇది మురగదు."

"చాలా బాగుందండి." ఆమె ఆగింది. అడగకూడదనుకుంది. కానీ లేనిదాన్ని ఉన్నట్టు చూసి ఊరుకోవటం ఆమెకు చేతకాదు. "కింద మూడు వాక్యాలుండాలండి."

ఆయన గింజలు కిటికీలోంచి విసిరేసి, చేతులు దులుపుకున్నారు.

"ఉన్నయ్. ఎక్కడికి పోతయ్? వెనక్కి మడిచా. ఫ్రేము అబ్బాయి కత్తిరిస్తానన్నాడు, చేతిమీద కొట్టా."

"ఎందుకు మడిచారండి?"

"కూర్చో ముందు." ఆమె కూర్చోలేదు. ఆయనే కూర్చున్నారు. "చూడమ్మా, నా గదికి ధాన్యం దళారీలొస్తారు, బ్యాంకోళ్ళొస్తారు, పక్క మిల్లులోళ్ళొస్తారు. పైనంతా చదివి, అబ్బో ఎంత గొప్పగా రాసిందిరా అనుకుంటారు. కిందకొచ్చేసరికి 'మేలు చేసినవారవుతారు'. ఏంటది? మేలు చేసింది నువ్వు. మేలు అడిగేదీ నువ్వేనా? నువ్వు అడుక్కున్నట్టు నా గోడ మీద ఎందుకుండాలి? నీ పరువుకి నేను గోడ ఇచ్చా గానీ..." మాట పూర్తిచెయ్యకుండా చెయ్యి ఊపారు.

ఝాన్సీలక్ష్మికి వచ్చినది కోపమా, సిగ్గా అన్నది తేలలేదు. మధ్యాహ్నమంతా నలిపిన కాగితాల్లోంచి మిగిల్చుకున్న వాక్యం అది. తగ్గి రాస్తే మర్యాద అనుకుంది. ఆయనకు అది వంగటంలా కనిపించింది.

"అడుక్కోలేదండి," అంది నెమ్మదిగా. "అడిగాను."

"సరే, అడిగావు. ఏమడిగావు? 'నా గురించి ఒక మాట.' ఏం మాట చెప్పమంటావు? అమ్మాయి మంచిది, వంట బాగా చేస్తుందనా? పెళ్ళిచూపులా?"

గుమ్మంలో నిలబడ్డ ఫ్రాన్సిస్ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. ఝాన్సీలక్ష్మి కూడా నవ్వింది, ఇష్టం లేకుండానే.

"'మీలాంటి మిల్లుల వారెవరికైనా' అన్నావు. నాలాంటి మిల్లంటే ఏది? పచ్చిబియ్యం ఆడేవాళ్ళకి బాయిలరే ఉండదు. కాలవ నీళ్ళు వాడేవాళ్ళకి నీ బాధే లేదు. నిజం చెప్పొద్దూ, రెండు రోజులు ఆలోచించా. ఎవరికి చెప్పాలో తెలవలా. ఒకళ్ళున్నారు." ఆయన గొంతు తగ్గించారు. "మా వియ్యపురాలు, భువనేశ్వరి. బాపట్ల దగ్గర మిల్లు. వాళ్ళాయన పోయాక తనే నడుపుతోంది. ప్రతి ఏడూ గొట్టాలు మారుస్తున్నారు. కానీ వియ్యాలవారింటికి మనం పోయి, 'మీ బాయిలర్ బాగాలేదు, మా మనిషిని పెట్టుకోండి' అంటే ఎట్టా ఉంటది? రేపు అక్కడేదన్నా తేడా వస్తే నిన్నంటారా? నన్నంటారా? మా అమ్మాయినంటారు, 'మీ నాన్న చెప్పిన మనిషేగా' అని."

ఆ మాటతో ఝాన్సీలక్ష్మికి అంతా అర్థమైంది. తను ఆయనను పరిచయం అడిగాననుకుంది. ఆయనకు వినపడింది హామీ. అంకె పక్కన కొలమానం లేని రిపోర్టు తను ఎవరికీ ఇవ్వదు; ఈ ఉత్తరంలో మాత్రం ఎవరికి, ఏమని, ఎంతవరకు అన్న మూడింటినీ వదిలేసి ఇచ్చింది.

"మీరు చెప్పింది నిజమేనండి," అంది. "తప్పుగా అడిగాను. సరిగా రాసి పంపవచ్చా?"

"మళ్ళీ 'మేలు' అని రాస్తే మళ్ళీ మడుస్తా."

"రాయనండి."

"ఇంకోటి. ఊళ్ళో అందరూ బాబాయ్ అంటారు నన్ను. మూడేళ్ళబట్టీ నువ్వొక్కదానివే గౌరవనీయులైన వెంకట్రామయ్యగారూ అంటావు. బాబాయ్ అంటే నీ రిపోర్టులో అంకె మారిపోద్దా?"

"మారదండి," అంది ఆమె ఆలోచించి.

* * *

రెండవ ఉత్తరం రాయటానికి రాత్రి దాకా పట్టలేదు. బండి భట్టిప్రోలు దాటకముందే సంచీ మీద కాగితం పెట్టుకుని రాసేసింది, తెనాలిలో దిగాక శుభ్రంగా ఎత్తిరాసింది. మొదటి భాగంలో 'నిన్నటి తనిఖీ'ని 'గత నెల తనిఖీ' చేయటం తప్ప ఏమీ ముట్టుకోలేదు. కృతజ్ఞత అదే, దానికి మార్పు అవసరం లేదు. 'ఇంకొక సంగతి' నుంచి మాత్రం కొత్తగా ఇలా ఉంది:

"బాబాయిగారూ, ఇంకొక సంగతి. ఈ సీజనుకు ముందు నేను మరొకటి రెండు బాయిలర్లు చూడగలను. ఊక బాయిలర్ ఉండి, బోరునీళ్ళు వాడుతూ, గొట్టాలు తరచు మార్చవలసి వస్తున్న మిల్లు ఏదైనా మీ ఎరుకలో ఉంటే, కింది నాలుగు ముక్కలూ మీ ఫోను నుంచి వారికి పంపండి. వారి నంబరు నాకు ఇవ్వనవసరం లేదు. కావాలనుకుంటే వారే ఫోను చేస్తారు. నన్ను పెట్టుకోమని మీరు చెప్పవద్దు. మీ బాయిలర్ చూపించండి, చాలు. వారి నీళ్ళను ఒకసారి కొలిచి చూపిస్తాను. లోపం నీళ్ళలో లేకపోతే లేదనే రాసి ఇస్తాను. మంచిచెడులకు బాధ్యత నాది, మీది కాదు. ఎవరూ తట్టకపోయినా, చెప్పటం ఇబ్బంది అనిపించినా, ఈ భాగాన్ని మొదటిసారిలాగే మడిచెయ్యండి. మన పని ఎప్పటిలాగే సాగుతుంది.

పంపవలసినది: 'మా బాయిలర్ నీళ్ళు మూడేళ్ళుగా తెనాలి ఝాన్సీలక్ష్మిగారు పరీక్షిస్తున్నారు. ఈ ఏడు తనిఖీలో గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. ఆవిడ మందులు అమ్మరు. కావాలంటే వచ్చి మా గొట్టాలు, రోజువారీ పరీక్షలు చూసుకోండి.'"

సుందరమ్మకు చదివి వినిపించింది. ఆమె కళ్ళు మూసుకుని విని, "ఇప్పుడు తలెత్తుకుని ఉంది," అంది. కాసేపాగి, "మడిచెయ్యండి అన్నావే, అది బాగుంది. సుబ్బాయమ్మకి కూడా రాదు ఆ మాట," అని ఒప్పుకుంది.

ఈసారి వెంకట్రామయ్యగారి ఫోను ఉత్తరం అందిన రోజే వచ్చింది.

"అమ్మాయ్, నీ నాలుగు ముక్కలూ టైపు కొట్టటం నావల్ల కాలా. ఉత్తరమంతా ఫోటో తీసి పంపా. ఎవరికో అడగవేం?"

"అడగనండి. అది మీ ఇష్టం."

"అడగనంటది చూడు!" అని ఆయన ఫోను పక్కనున్న వాళ్ళెవరికో చెప్పటం వినిపించింది.

* * *

దసరాకు మిల్లులో ఆయుధపూజ; ఝాన్సీలక్ష్మినీ పిలిచారు. బాయిలర్‌కు పసుపు రాసి, బంతిపూల దండ వేసి, ఫ్రాన్సిస్ పక్కన నిలబడి ఎవరినీ చెప్పులతో దగ్గరికి రానివ్వటం లేదు. "మీ మతం కాదుగా, నీకెందుకురా ఇంత పట్టింపు?" అని ఎవరో అంటే, "బాయిలర్ నాదిగా," అన్నాడు.

భువనేశ్వరి కోడలితో, అంటే వెంకట్రామయ్యగారి అమ్మాయితో కలిసి, పండగకు వచ్చింది. యాభై అయిదేళ్ళ మనిషి, మాట పొదుపు, చూపు పొదుపు కాదు. దండలు, ప్రసాదం అయ్యాక తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫ్రేము ముందు నిలబడింది. ఝాన్సీలక్ష్మి ప్రసాదం ఆకుతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, నాకు ఫోటోలో వచ్చిన దాంట్లో కింద ఇంకా ఉందే. ఇక్కడ లేదేంటి?"

"ఇది ముందు రాసిన ఉత్తరమమ్మా, కింద మడిచా."

"మడవటం ఎందుకు?"

భువనేశ్వరి సమాధానం కోసం ఆగలేదు. "అడిగిన భాగం చదివేగా నేను వచ్చింది. పొగిడిన భాగం ఎవరైనా రాస్తారు. లోపం లేకపోతే లేదని రాసిస్తానన్నారు చూడండి, అది ఇంతవరకు మా గుమ్మం తొక్కినవాళ్ళెవరూ అన్లేదు." అప్పుడు ఝాన్సీలక్ష్మి వైపు తిరిగింది. "మీరేనా? అన్నయ్యగారు మీ గురించి ఒక్కముక్క చెప్పలేదు. అడిగితే, 'చెప్పొద్దని రాసింది, బాయిలర్ చూసుకో' అన్నారు."

"రాశానండి."

"చూశాను. ఆ ఫ్రాన్సిస్ పరీక్షల పుస్తకం కూడా తిరగేశాను, దాచటానికేమీ లేనట్టు చేతికిచ్చాడు. మా దగ్గర కూడా సాఫ్ట్‌నర్ ఉంది. పెట్టి నాలుగేళ్ళయింది. అయినా గొట్టాలు పోతున్నాయి. ఎందుకంటారు?"

ఇక్కడ చెప్పదగిన కారణాలు ఝాన్సీలక్ష్మికి నాలుగైదు తెలుసు. ఒకటి చెబితే, తెలివైనదని అనిపించుకోవచ్చు.

"చూడకుండా చెప్పలేనండి," అంది.

భువనేశ్వరి వెంకట్రామయ్య వైపు చూసి తల ఊపింది. "శుక్రవారం రమ్మనండి."

"నన్నెందుకు అడుగుతావు చెల్లెమ్మా? ఆవిడ ఎదురుగానే ఉందిగా. మధ్యలో నేను లేనని రాసిచ్చిందిగా!" అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఉన్నది అచ్చంగా గర్వం.

* * *

శుక్రవారం ఝాన్సీలక్ష్మి తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగింది. మిల్లులో మూడు చోట్ల నీళ్ళు పట్టి, వెంట తెచ్చుకున్న సామగ్రితో అక్కడే కొలిచింది: బోరు దగ్గర, సాఫ్ట్‌నర్ దాటిన వెంటనే, బాయిలర్‌లోకి పోయే పంపు దగ్గర. బోరునీటి కాఠిన్యం లీటరుకు 520 మిల్లీగ్రాములు. సాఫ్ట్‌నర్ దాటాక 4. అంటే యంత్రం బాగానే ఉంది. పంపు దగ్గర 190.

ఆ మూడవ అంకెను ఆమె రెండోసారి కొలిచింది. అంతే వచ్చింది. మెత్తబడిన నీరు మళ్ళీ ఎక్కడో గట్టిపడుతోంది. గొట్టాల వెంబడి నడుచుకుంటూ పోతే, సాఫ్ట్‌నర్ పక్కనుంచి తిన్నగా బోరునీళ్ళు తొట్టిలోకి పోయే అడ్డదారి గొట్టం ఒకటి ఉంది. సాఫ్ట్‌నర్ కడిగేటప్పుడు మిల్లు ఆగకుండా పెట్టినది. దాని వాల్వు కట్టేసే ఉంది. కానీ లోపల మూత ఆనే సీటు అరిగి, కట్టినా నీరు ఆగకుండా పోతోంది. చెవి ఆనిస్తే వినిపిస్తోంది.

"ఏ మందూ అవసరం లేదండి," అంది భువనేశ్వరితో. "ఈ వాల్వు మార్చండి. ఇంకొకటి, సాఫ్ట్‌నర్ కడిగేటప్పుడు బోరునీళ్ళు పంపకుండా, ముందురోజే మెత్తటి నీళ్ళు తొట్టిలో నిలవచేసుకోండి. ఉన్న పొరను వచ్చే సీజను ఆఖరున బాయిలర్ విప్పినప్పుడు తీయించాలి. అంతవరకు కొత్త పొర కట్టకుండా చూడవచ్చు."

"ఇంతేనా?"

"ఈ వేళ కనిపించినది ఇంతేనండి. రోజూ కొలిస్తేనే మిగతాది తెలుస్తుంది."

భువనేశ్వరి వాల్వు మీద చెయ్యి పెట్టి, తానూ చెవి ఆనించి విన్నది. చాలాసేపు విన్నది. "నాలుగేళ్ళు," అంది. "నెలనెలా రండి."

ఆ సాయంత్రం ఝాన్సీలక్ష్మి రిజిస్టరులో నాలుగవ బాయిలర్ చేరింది. తను అనుకున్నది ఐదు. కంపెనీ వాళ్ళకు జవాబు చెప్పవలసిన గడువు ఇంకా ఉంది, ఐదవది వచ్చేదాకా ఆగవచ్చు. ఆమె ఆగలేదు. అడగటం ఎలాగో ఇప్పుడు తెలిసింది. తెలిసినదాన్ని ఇంకొకసారి చెయ్యవచ్చు. విజయవాడకు ఫోను చేసి, "మీరు అడిగినందుకు కృతజ్ఞతలండి. నా రిపోర్టులు నా కాగితం మీదే వెళ్తాయి," అంది. అవతలి మనిషి బుజ్జగింపుగా ఇంకా ఏదో మొదలుపెట్టాడు. ఆమె మర్యాదగా చివరిదాకా విని, అదే వాక్యాన్ని మళ్ళీ చెప్పి పెట్టేసింది.

తరువాత వెంకట్రామయ్యగారికి ఒక పోస్టుకార్డు రాసింది. బాపట్లలో ఏం చూసిందీ రాయలేదు; అది భువనేశ్వరిగారి మిల్లు సంగతి, ఆమె చెప్పుకోవలసినది. "బాబాయిగారూ, మీరు పంపిన నాలుగు ముక్కలు చేరవలసిన చోటికి చేరాయి. పని మొదలైంది. మీకు కృతజ్ఞతలు," అని మాత్రం రాసింది. ఇంకొక సంగతి ఏదీ చేర్చలేదు.

నవంబరు పరీక్షకు రేపల్లె వెళ్ళినప్పుడు ఆఫీసు గోడమీద పాత ఫ్రేము లేదు. దాని చోట కాస్త పొడుగుపాటిది ఉంది. అందులో రెండవ ఉత్తరం, మొదటి అక్షరం నుంచి సంతకం దాకా, మడత లేకుండా ఉంది. 'మొదటిసారిలాగే మడిచెయ్యండి' అన్న మాటల కింద వెంకట్రామయ్యగారు ఎర్రసిరాతో గీత గీయించారు. ఆ రోజు ఎదురు కుర్చీలో నిజాంపట్నం వైపు ఐసుఫ్యాక్టరీ యజమాని ఒకాయన ఊక బేరం మరిచిపోయి దాన్ని చదువుతున్నాడు.

"మాది బాయిలర్ కాదండి, గ్యాసును నీళ్ళతో చల్లార్చే కండెన్సరు. దానికీ సున్నమే పడుతోంది. కొలుస్తారా?" అన్నాడు.

"కొలుస్తానండి," అంది ఝాన్సీలక్ష్మి. "మందు మాత్రం అమ్మను."

"చదివా," అన్నాడాయన.

ఆ నెలాఖరున బాపట్ల మిల్లులో, వాల్వు మార్చాక, పంపు దగ్గర పట్టిన నీళ్ళను చెంచుపేటలో ఆమె కొలిచింది. ద్రావణం ద్రాక్షరసం ఎరుపునుంచి ఊదాకు, ఊదానుంచి స్వచ్ఛమైన నీలానికి దాదాపు వెంటనే తిరిగింది. రిపోర్టు రాసుకుంది. పైన తెనాలి జల పరీక్షాశాల. సిఫారసు చేసిన రసాయనాలు: లేవు. కింద ఒక్కటే సంతకం. కాఠిన్యం, లీటరుకు మిల్లీగ్రాములలో:

3